పన్నెండో ఇంటి గింజ

పెద్దబాపు పోయాడని బుధవారం పొద్దున్నే మా తమ్ముడు ఫోన్ చేశాడు. విన్నాక మొదట దుఃఖం రాలేదు. ఇక ఆయన ముందు తల దించుకోనక్కర్లేదన్న ఊరట వచ్చింది. ఇలాంటివాడు ఆయన గురించి రాయవచ్చునా అంటే, రాయకూడదు. అయినా రాస్తున్నాను.

ఆయన మా నాన్నకు అన్న. వరంగల్‌లో జంపఖానాలు నేసి బతికాడు. మధ్యాహ్నం మగ్గం దిగాక, చాయ్ సాసర్లో పోసుకుని తాగి, జైమిని పద్ధతిలో జాతకాలు చూసేవాడు. పలక మీద పన్నెండు గళ్లు గీసి, చింతగింజలు పెట్టి రాశులు ఎంచేవాడు. నేను నోటితోనే ఎంచితే ఒప్పుకునేవాడు కాదు. "నోటి లెక్క నోట్లెనే తప్పుతది బిడ్డా, గింజ పెట్టు" అనేవాడు.

పెళ్లి సంగతి అడిగితే ఏడో ఇల్లు చూసి ఊరుకోడు, ఉపపద లగ్నం తీసేవాడు. లగ్నానికి పన్నెండో ఇంటి నుంచి దాని అధిపతి ఎన్నో రాశిలో ఉన్నాడో ఎంచాలి. ఆ అధిపతి నుంచి మళ్లీ అన్నే రాశులు ఎంచాలి. గింజ ఆగిన రాశి ఉపపదం. వచ్చే మనిషి ఎలాంటివారో, వాళ్ల ఇల్లు ఎలాంటిదో అది చెబుతుంది. సంసారం నిలుస్తుందా లేదా అన్నది దానికి రెండో రాశి చెబుతుంది. ఒక్క మెలిక ఉంది. గింజ తిరిగి పన్నెండో ఇంట్లోనే ఆగినా, దానికి ఏడో రాశిలో ఆగినా అది ఉపపదం కాదు, అక్కడి నుంచి పదో రాశిని తీసుకోవాలి. "ఆగిన జాగను మొదలుపెట్టిన జాగతోని కలిపి చూడాలె" అని నాకు ఎన్నిసార్లు చెప్పాడో లెక్కలేదు.

మూడేళ్ల కిందట ఆయన కంటి ఆపరేషన్‌కు దవాఖానాలో ఉన్నప్పుడు తొర్రూరు నుంచి ఒక పత్తి రైతు తన కూతురి జాతకం పట్టుకొచ్చాడు. డోర్నకల్‌లో రైల్వే కొలువు చేసే అబ్బాయితో సంబంధం మాట్లాడుకున్నారట.

"పెద్దాయన లేడా? మళ్ల వస్త తియ్" అన్నాడు.

పోనిస్తే సరిపోయేది. "జర కూసో కాకా, నేను చూస్త" అన్నాను. గింజల డబ్బా మూత కూడా తీయలేదు.

అమ్మాయిది కన్యా లగ్నం. పన్నెండోది సింహం, దాని అధిపతి రవి నాలుగో రాశి వృశ్చికంలో ఉన్నాడు. అక్కడి నుంచి నాలుగు ఎంచితే కుంభం. దానికి రెండోది మీనం, అందులో శని, కేతువు. నాకు అంతే చాలింది.

"ఈ పెండ్లి చేస్తె బిడ్డ మూడేండ్లల్ల వాపస్ వస్తది కాకా" అన్నాను. ఆయన కాగితం మడిచి జేబులో పెట్టుకుని లేచాడు. ఆ సంబంధం వదులుకున్నారు.

నెల తర్వాత పెద్దబాపు, నేను ఆ లెక్క రాసుకున్న నోట్‌బుక్ చూశాడు. గింజల డబ్బా నా ముందుకు తోశాడు. "ఎంచు."

గింజ కుంభంలో ఆగింది.

"సింహానికి కుంభం ఎన్నోది?"

ఏడోది. కుంభం నుంచి పది ఎంచితే వృశ్చికం వచ్చింది. ఉపపదంలో రవి. అలా ఉంటే సర్కారు కొలువున్న ఇల్లని ఆయన చెప్పేవాడు. దానికి రెండోది ధనుస్సు, అందులో సొంతింటి గురుడు.

"మీనంల ఉన్న శని, కేతువు ధనుస్సును చూస్తరు, చికాకులుంటయి. గని గురుడు సొంతింట్ల ఉన్నడు, సంసారాన్ని పడనియ్యడు" అన్నాడు. గింజలు డబ్బాలో పోస్తూ, "రేపు తొర్రూరు పోదాం, చెప్పి వద్దాం" అన్నాడు.

పొద్దున నాకు జ్వరమని కబురు పంపాను. జ్వరం లేదు. నల్లద్దాలు పెట్టుకుని ఆయనొక్కడే బస్సెక్కాడు. అప్పటికే ఆ అబ్బాయికి వేరేచోట నిశ్చయమైంది. తర్వాత నన్ను ఒక్క మాట అనలేదు. నేనే ఆ ఇంటికి పోవడం మానేశాను.

దినాల నాడు ఆ రైతు వచ్చాడు. బంతిలో నా పక్కనే కూర్చున్నాడు. "'తప్పు నాది, పిల్లగానికి నేనే సగం నేర్పిన' అని ఆనాడు మీ పెద్దబాపు నా చేతులు పట్టుకున్నడు. అసొంటి మనిషి ఇగ దొరకడు" అన్నాడు. కూతురికి ఇంకా ఏదీ కుదరలేదట. పెద్దబాపు నాకు సగం నేర్పలేదు, మొత్తం నేర్పాడు. ఆ మాట నేను అనలేదు. తలవంచుకుని అన్నం తిన్నాను. తిన్నందుకు ఇప్పటికీ సిగ్గుగా ఉంది.

చేయి కడుక్కుని వస్తే పెద్దమ్మ గింజల డబ్బా చేతిలో పెట్టింది. ఒక గింజ మీద తెల్లటి బొట్టు ఉంది.

"సున్నం బొట్టు. తొర్రూరుకెళ్లి వచ్చిన దినమే పెట్టిండు" అంది పెద్దమ్మ. "దీన్ని పన్నెండో ఇంట్ల పెట్టి ఎంచితె మొదలుపెట్టిన జాగ మర్చిపోడట. పిల్లగాడు వస్తె ఇయ్యాలె అని మూడేండ్లు చూసిండు."

ఇది తొర్రూరు బస్సులో రాస్తున్నాను. ముందు ఆ తండ్రికి, ఎదుట ఉంటే ఆ అమ్మాయికి చదివి వినిపించి, ఆ తర్వాతే అచ్చు వేయడానికి మీకు పంపుతాను. వర్ధన్నపేట దాటింది. గింజ చొక్కా జేబులో ఉంది. గుడ్డకు రాసుకుని సున్నం కొంచెం రాలింది, బొట్టు ఇంకా కనిపిస్తోంది.