రేటు మీ ఇష్టం అన్న మెయిలు

తప్పు ఈ రాసేవాడిదే, ముందే ఒప్పేసుకుంటున్నాడు. ఏజెన్సీకి మెయిలు రాసిపెట్టరా అని పిన్ని అడిగితే, మర్యాదగా ఉంటుందని చివర్లో ఒక ముక్క సొంతంగా తగిలించాడు: "రేటు విషయంలో మీ ఇష్టం." పిన్ని చదవకుండానే పంపేసింది. అక్క కొడుకు మీద నమ్మకం మరి.

పిన్ని ఆస్పత్రి రిసెప్షన్‌లో కూర్చుంటుంది. అసలు మనిషి కాన్పుకి సెలవు పెడితే, ఆవిడ బదులు ఏజెన్సీ పిన్నిని పంపింది. ఎంత అరిచే పేషెంటునైనా కళ్ళజోడు పైనుంచి ఒక్క చూపు చూస్తే చాలు, వెళ్ళి లైన్లో నిలబడతాడు. అలాంటి మనిషిని పట్టుకుని ఆస్పత్రి వాళ్ళూ ఏజెన్సీ వాళ్ళూ బంతాట ఆడుకున్నారు. కాంట్రాక్టు శుక్రవారంతో సరి. పొడిగిస్తారా అని ఆస్పత్రి మేనేజర్ని అడిగితే, "అది ఏజెన్సీతో మాట్లాడుకోండమ్మా" అంటాడు. ఏజెన్సీకి ఫోన్ చేస్తే, "ఆస్పత్రి వాళ్ళు చెప్పాలి మేడమ్" అంటాడు అక్కడి కుర్రాడు. ఈలోగా ఒక స్కూలు ఆఫీసు వాళ్ళు ఉద్యోగం ఇస్తాం, చేరతారో లేదో బుధవారం సాయంత్రంలోగా చెప్పమన్నారు. ఇక్కడ ఉంటుందో ఊడుతుందో తెలీకుండా అక్కడేం చెప్తుంది, పాపం. పొడిగింపు సంగతి తేల్చమని అడగడానికే ఆ మెయిలు.

ఈ మెయిలుకి మాత్రం జవాబు పరిగెత్తుకుంటూ వచ్చింది. మూడు నెలల పొడిగింపు, పాత రేటే, సంతకం పెట్టి పంపండి.

బుధవారం మధ్యాహ్నం, టిఫిన్ డబ్బా మూత కూడా తీయకుండా, ఆస్పత్రి మెట్ల మీద కూర్చుని ఏజెన్సీ కుర్రాడికి ఫోన్ కలిపింది పిన్ని.

"పొడిగిస్తే రేటు మళ్ళీ మాట్లాడుకుందామని మొదటి కాంట్రాక్టులో ఉంది కదా బాబూ?"

"ఉందండీ. కానీ మీరే మా ఇష్టమని రాశారు కదా మేడమ్."

అప్పుడు తీసి చూసుకుంది ఆ మెయిలు. అక్క కొడుకుని మనసులోనే నాలుగు వాయించి, గొంతు సవరించుకుంది.

"నేనింకా సంతకం పెట్టలేదు బాబూ. నెలకి రెండు వేలు పెంచండి. ఇంకోటి. సెలవులో ఉన్నావిడ ముందే వచ్చేస్తే నాకు ఎన్నాళ్ళ ముందు చెప్తారు? అది ఎక్కడా లేదే."

"అవన్నీ మేం చూసుకుంటాం మేడమ్."

"మీరు చూసుకోవద్దు, కాగితం మీద పెట్టండి. సాయంత్రంలోగా రాలేదో, నేను స్కూలుకి వస్తానని చెప్పేస్తా. సోమవారం ఇక్కడ మీరొచ్చి కూర్చోండి. పేషెంట్లు మంచివాళ్ళే, కొట్టరు."

"ఆస్పత్రి వాళ్ళతో మాట్లాడతానండీ," అన్నాడు కుర్రాడు, ఈసారి నీరసంగా.

డ్యూటీ దిగే వేళకి కొత్త కాగితం వచ్చింది. రేటు అడిగినంత పెరగలేదు, అందులో సగమే పెరిగింది. మధ్యలో ఆపితే రెండు వారాల ముందు చెప్పాలని కూడా రాశారు. పిన్ని ఒక్కో లైనూ వేలు పెట్టి చదివి, "ఈ మాత్రం దానికి ఇంత ఏడిపించాలా," అని గొణుక్కుంటూ సంతకం పెట్టింది. స్కూలు వాళ్ళకి రాలేనని చెప్పేసింది.

రాత్రి భోజనాల దగ్గర ఈ రాసేవాడు సిగ్గు లేకుండా అడిగాడు: "చూశావా పిన్నీ, నా మెయిలు వల్లే కదా కదిలారు? మళ్ళీ పొడిగింపు వచ్చినప్పుడు కూడా నేనే రాసిపెడతా."

పిన్ని తల కూడా ఎత్తలేదు. "నువ్వు రాసింది సరిచేసుకోడానికే నాకు తిండి తినే టైము పోయింది. ఇంకోటి రాస్తే సెలవు పెట్టాలి. టెంపరరీ వాళ్ళకి సెలవులుండవురా."