పిల్లకు స్నానం వదినగారిది, రాత్రి కాపలా నాది

నా బిడ్డకు ఆడపిల్ల పుట్టింది. దవాఖాన నుంచి ఇబ్రహీంపట్నంలో వాళ్ల కిరాయి ఇంటికి తెచ్చుకున్నాం. ఒకటే గది, ముందర వసారా. మా ఆయన పోయాక చేపలమ్ముకుని బతుకుతున్న నేను రెండు గల్లీల అవతలే ఉంటాను.

అల్లుడి అమ్మానాన్నలు తుక్కుగూడలో ఉంటారు. కోస్తా నుంచి వచ్చి స్థిరపడ్డవాళ్లు, మంచి మనసున్నవాళ్లు. ఇంటికి తాళం వేసి, మూడు నెలలు ఇక్కడే ఉండి సాయం చేస్తామని ఫోన్ చేశారు. అల్లుడు "మళ్లీ చేస్తానమ్మా" అని పెట్టేశాడు.

నా బిడ్డ కళ్లనీళ్లు పెట్టుకుంది. "గీ ఒక్క గదిల మామయ్య ముంగట పాలెట్ల ఇస్తనే అమ్మా? కుట్లు ఇంక మానలే. రాత్రిపూట నువ్వుంటె నాకంతే చాలు."

అల్లుడు నా వైపు చూశాడు. "మీరు చెప్పండి అత్తయ్యా."

"నేను చెప్తే వియ్యపురాలు అడ్డంబడ్డదంటరు. మీ అమ్మకు నువ్వే చెప్పాలె బిడ్డా. వస్తమన్నందుకు ముందు దండం పెట్టు. నానబెట్టకు."

నానబెట్టాడు. జవాబు రాకపోయేసరికి, పిల్ల బొడ్డు ఊడిన రోజే ఆటో వచ్చి గుమ్మం ముందు ఆగింది. అందులో పరుపు, గ్రైండరు, ఊరగాయ జాడీ, వాటి మధ్య వియ్యంకుడు, మా వియ్యపురాలు వదినగారు.

అల్లుడు ఆటోకు అడ్డంగా నిలబడ్డాడు. "అమ్మా, ఇల్లు వదిలి మాకోసం వచ్చారు. ఎవరు చేస్తారిలా? కానీ ఉన్నది ఒక్క గది. రాత్రిళ్లు తనకు వాళ్లమ్మ తోడుంటే నిమ్మళంగా ఉంటుంది, నేను వసారాలో పడుకుంటాను. మీరు పొద్దున్నే వచ్చి సాయంత్రం వెళ్లండి. ముందే చెప్పాల్సింది, చెప్పలేకపోయాను."

వదినగారి మొహం చిన్నబోయింది. "పగలొచ్చి నేనేం చేయాల్రా? చుట్టంలా కాఫీ తాగి పోవాలా?"

"పిల్లకు తానమెవరు పోస్తరు వదినా?" అన్నాను. "నా మోకాలు మడత పడదు, కిందికి వంగి పీట మీద కూసోలేను. నీ కొడుకు పోస్తడా? సబ్బుబిళ్ల లెక్క జారిస్తడు!"

వియ్యంకుడు పకపకా నవ్వాడు. "నా మంచం మీద తప్ప నిద్ర పట్టదని మొత్తుకుంటుంటే ఈవిడ వింటేనా చెల్లెమ్మా!"

"అమ్మా, సామాను దింపాల్నా, వద్దా?" ఆటో అతను విసుక్కున్నాడు.

వదినగారు తలుపు దగ్గర నిలబడ్డ కోడలి మొహం చూసింది. "గ్రైండరు, జాడీ దించు బాబూ. పరుపు ఉండనీ."

ఆ వెంటనే కొంగు బిగించింది. నీళ్ల వేడి మోచేత్తో చూసుకుంది. చాపిన కాళ్ల మీద పిల్లను బోర్లా వేసి, వీపుకు నూనె రాసి, మొహం మీదికి నీళ్లు జారకుండా నుదుటికి అరచెయ్యి అడ్డం పెట్టింది. పిల్ల గల్లీ అంతా వినబడేలా ఏడ్చి, తుడిచేలోపే ఆవలించింది.

పాలకు తల్లి ఒళ్లో పెట్టి, తానే బయటికొచ్చి తలుపు దగ్గరగా వేసింది. నా పక్కన కూర్చుంది.

"రాత్రి ఏడిస్తే ఫోన్ చేయండి వదినగారూ. ఎంత రాత్రైనా సరే."

"చేస్త. నిద్ర నాకొక్కదానికే ఎందుకు ఖరాబు కావాలె?"