తొమ్మిదితో మొదలైన నంబరు

ఆ మాట నేను అనకుండా ఉండాల్సింది. పని హడావిడిలో, ఆలోచించకుండా అనేశాను.

శ్రీకాకుళంలో నేను నడిపే కుక్కల, పిల్లుల క్లినిక్‌కి ఆ రోజు ఉదయం ఒక వేటగాడు వచ్చాడు. వేట అంటే మా వైపు సముద్రం మీద చేపల వేట. నలభై దాటిన మనిషి. ఎండకి కమిలిన భుజం మీద పెద్ద లాబ్రడార్ కుక్కని గొర్రెపిల్లలా మోసుకొచ్చాడు. దాని ముందరి పాదంలో గేలం ముల్లు దిగబడి ఉంది.

"ఇసకలో ఎవులో పారేసినారండి. పీకుదామంటే కరుస్తాది," అన్నాడు.

కుక్క ఆయనది కాదట. నాలుగు నెలల కిందట మెయిన్ రోడ్డు వైపు నుంచి కుంటుకుంటూ వాళ్ళ ఊరికొచ్చింది. ఎవరూ తమదని అడగలేదు, ఈయన అన్నం పెట్టాడు, అది వీళ్ళ గుమ్మంలోనే ఉండిపోయింది. ముల్లు తీసి కట్టుకట్టాక, ఎవరిదో పెంపుడు కుక్క కదా, గుర్తింపు కోసం చర్మం కింద వేసే చిప్ ఉందేమో చూద్దామని రీడర్ తీశాను. అది కొని రెండు నెలలే అయింది. మెడ వెనక, భుజాల మధ్య మెల్లగా తిప్పితే 'టిక్'మంది. తెర మీద పదిహేను అంకెలు.

వీటిని ఎలా చదవాలో ఆ మధ్యే ఒక శిక్షణలో విన్నాను. మొదటి మూడంకెలు దేశాన్ని చెబుతాయి, మనది మూడు వందల యాభై ఆరు అని బుర్రలో పడిపోయింది. ఆ తర్వాత చెప్పింది సగమే విన్నాను. ఇక్కడ తెర మీద 928 ఉంది.

"ఇది మన దేశం నంబరు కాదే," అన్నాను, పైకే.

"మరెవులిదండి?"

"ఏమో, బయటిది కావచ్చు."

అప్పటికే బల్ల దగ్గర ఇంకో కుక్క వాంతి చేసుకుంటోంది, అటు తిరిగాను. పిల్లిని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న ఒకాయన ఫోన్ ఎత్తి రీడర్ తెరని ఫొటో తీయడం ఓరకంట కనబడింది. వేటగాడి మొహం ఎందుకు అలా పాలిపోయిందో కూడా నాకు అప్పుడు తెలియదు.

మర్నాడు పది గంటలకి ఆయన భార్య వచ్చింది. చేపల తట్ట గుమ్మం బయటే దించి, లోపలికొచ్చి నా ఎదురుగా నిలబడింది.

"ఏటన్నావమ్మా నువ్వు? నా మొగుడ్ని పోలీసులు ఠేసన్‌కి తీసుకుపోయినారు."

నాకు అర్థం కాలేదు. ఆమె ఫోన్ తీసి, వాట్సాప్‌లో తిరుగుతున్న ఫొటో చూపించింది. నా క్లినిక్‌లోని రీడర్, అంకెలు, కింద ఎవరో రాసిన మాట: ముందు 92 ఉంది చూడండి, అది పాకిస్తాన్ ఫోన్ కోడ్, డాక్టరే మన దేశానిది కాదంది, కుక్క ఒంట్లో మిషన్ పెట్టి పంపించారు.

"ఆయన గుజరాత్ బోటు మీద పనికెళ్ళినోడు," అంది ఆమె. "సంద్రంలో గీత దాటినారని పాకిస్తానోళ్ళు పట్టుకుపోయి అక్కడ జైల్లో ఎట్టినారు. ఏడాది పైనే. పాణాలతో వత్తాడో రాడో అని నేను మొక్కని దేవుడు లేడు. ఇప్పుడు ఊరంతా ఏటంతన్నారో తెలుసా? అక్కడోళ్ళే ఈ కుక్కని ఆయన కాడికి పంపినారంతన్నారు."

ఆమె ఏడవలేదు. ఏడిస్తే నాకు కొంచెం తేలికగా ఉండేది.

ఆమెని కూర్చోమని చెప్పి ఫోన్‌లో ఆ చిప్‌ల నియమాలు తెరిచాను. రెండు నిమిషాలు కూడా పట్టలేదు. మొదటి మూడంకెలు దేశానివి కావచ్చు, లేదా చిప్ తయారు చేసిన కంపెనీవి కావచ్చు. దేశాల అంకెలు ఎనిమిది వందల తొంభై నాలుగుతో ఆగిపోతాయి. తొమ్మిది వందల నుంచి పైకి ఉన్నవి దేశాలవి కావు, తయారీదారులవి. ఇక చివరి తొమ్మిది వందల తొంభై తొమ్మిది పరీక్షల కోసం అట్టేపెట్టినది. నేను సగమే విన్న శిక్షణలో ఆ మిగతా సగం ఇదే.

బీరువా తీశాను. నేను వాడే చిప్‌ల పెట్టె. ఒక్కో చిప్ సూదిలోనే అమర్చి, ప్యాకెట్‌లో మూసి వస్తుంది. ప్యాకెట్ మీద నంబరు స్టిక్కర్లు. పొడవాటి నంబరు ఎప్పుడూ పుస్తకంలో అంటించడమే తప్ప కళ్ళు పెట్టి చదవలేదు. అన్నీ 928తోనే మొదలయ్యాయి. పెట్టెని, రీడర్‌ని సంచీలో వేసుకుని, క్లినిక్‌కి తాళం వేసి ఆమెతో ఆటో ఎక్కాను.

స్టేషన్‌లో ఆయన గోడవారగా నేల మీద కూర్చుని ఉన్నాడు. ఎవరూ కొట్టలేదు, తిట్టలేదు. అయినా మోకాళ్ళు దగ్గరకి లాక్కుని ఆయన కూర్చున్న తీరులో, అలా కూర్చోవడం బాగా అలవాటైన మనిషి కనిపించాడు. కుక్క కట్టు కట్టిన పాదం చాపుకుని ఆయన పక్కనే పడుకుంది. నన్ను చూసి ఆయన తల దించుకున్నాడు.

ఎస్సై కుర్రవాడే, మర్యాదగానే మాట్లాడాడు. "డాక్టరమ్మా, మన దేశానిది కాదని మీరే అన్నారు కదా. పైనుంచి ఫోన్లు వస్తున్నాయి. నేనేం చెయ్యాలి?"

"అన్నాను. తప్పుగా అన్నాను," అన్నాను. "ముందు ఇది చూడండి."

బల్ల మీద మూసిన ప్యాకెట్ పెట్టి పైనుంచి రీడర్ తిప్పాను. టిక్. 928. ఇంకో ప్యాకెట్. మళ్ళీ 928. మరొకటి. స్టేషన్‌లో ఉన్నవాళ్ళంతా బల్ల చుట్టూ చేరారు.

"ఇవి హైదరాబాద్ డీలర్ దగ్గర నేను కొన్నవి. ఇంతవరకు ఏ కుక్క ఒంట్లోకీ వెళ్ళలేదు. ఈ మూడంకెలు చిప్ తయారుచేసిన కంపెనీవి. ఫోన్ కోడ్‌కీ దీనికీ ఏ సంబంధమూ లేదు. ఆ దేశానికి చిప్‌లలో ఉన్న అంకె ఐదు వందల ఎనభై ఆరు."

"లోపల బ్యాటరీ ఉంటుందా? ఎక్కడుందో ఎవరికైనా తెలిసిపోతుందా?"

"బియ్యపు గింజంత ఉంటుంది. బ్యాటరీ లేదు. ఈ రీడర్ దగ్గరగా పెడితేనే నంబరు చెబుతుంది. ఇంకేమీ చెప్పదు, చెప్పలేదు. యజమాని పేరు కూడా అందులో ఉండదు."

ఎస్సై ఒక ప్యాకెట్ చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. తర్వాత అడగాల్సిన ప్రశ్నే అడిగాడు.

"అయితే ఈ కుక్క ఇండియాదని ఈ నంబరు చెబుతుందా?"

గోడవార నుంచి వేటగాడు తల ఎత్తి నా వైపు చూశాడు. ఔనంటే ఆ మనిషి అప్పుడే లేచి ఇంటికెళ్ళిపోతాడు. ఆయన భార్య నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"చెప్పదు," అన్నాను. "కంపెనీ చిప్ ఏ దేశంలోనైనా వెయ్యొచ్చు. ఫలానా దేశానిదని ఈ మూడంకెలు చెప్పవు, కాదనీ చెప్పవు."

ఆమె నా చెయ్యి వదిలేసింది. "ఏటమ్మా, కాపాడతావని తీసుకొత్తే..." అంది మెల్లగా. ఆ మాట ఇప్పటికీ నా చెవిలో ఉంది.

"కానీ మిగతా పన్నెండు అంకెలు ఉన్నాయి," అన్నాను ఎస్సైతో. "ఇది మన దగ్గర అమ్మిన చిప్పే అయితే, ఈ నంబరు ఏ పెట్టెలో వచ్చిందో, ఆ పెట్టె ఎవరికి అమ్మారో హైదరాబాద్ డీలర్ దగ్గర ఉండాలి. ఇక్కడే కూర్చుని ఫోన్ చేస్తాను. మీరూ వినండి."

డీలర్ మొదట రేపు చూస్తానన్నాడు. ఎస్సై ఫోన్ అందుకుని నాలుగు మాటలు మాట్లాడాక ఇవాళే చూస్తానన్నాడు. నేను పదిహేను అంకెలూ మూడేసి చొప్పున చదివాను, అతను తిరిగి చదివాడు, ఒక అంకె తేడా వచ్చింది, మళ్ళీ మొదటి నుంచి చదివాం. అక్కడి నుంచి రెండు గంటలు నిరీక్షణ. ఎవరో టీ తెచ్చారు. వేటగాడు గ్లాసు తీసుకోలేదు. ఒకసారి మాత్రం నన్ను అడిగాడు.

"అక్కడ కూడా ఇలాగేనండి. రేపు వదులుతాం అనేవోరు. మీరు సెప్పండి, ఇవాళ అవుతాదా?"

అవుతుందో లేదో నాకు తెలియదు. "అయ్యేదాకా నేను ఇక్కడి నుంచి కదలను," అన్నాను.

ఫోన్ మోగింది. ఆ పెట్టె విశాఖలోని ఒక క్లినిక్‌కి వెళ్ళిందట. ఆ క్లినిక్‌కి చేశాం. అక్కడి అమ్మాయి రిజిస్టర్ తిప్పుతుంటే కాగితాల చప్పుడు స్పీకర్‌లో వినిపించింది. "ఉందండి. ఆడ లాబ్రడార్. మూడేళ్ళ కిందట, పిల్లగా ఉన్నప్పుడు వేశాం," అంటూ యజమాని నంబరు చెప్పింది.

ఎస్సైయే స్వయంగా ఫోన్ కలిపాడు. అవతల ఒక పెద్దావిడ గొంతు. ఎచ్చెర్ల దగ్గర టైరు మార్చుకోవడానికి కారు ఆపితే, లారీ హారన్‌కి బెదిరి తలుపులోంచి దూకి పరిగెత్తిందట. నాలుగు నెలలైందట. మూడు రోజులు అక్కడే ఉండి వెతికారట. చెబుతూ చెబుతూ ఆవిడ ఏడ్చేసింది.

ఎస్సై ఫోన్ పెట్టేసి, కుర్చీలోంచి లేచి వేటగాడి దగ్గరికి వెళ్ళాడు. "లే బావా. ఇంటికెళ్ళు," అన్నాడు. మా వైపు ఆ పిలుపు మామూలే. కానీ అది విన్నాక గానీ ఆ మనిషి కాళ్ళు చాపలేదు.

ఆ పెద్దావిడ విశాఖ నుంచి సాయంత్రం నాలుగింటికి మా క్లినిక్‌కే వచ్చింది. అప్పటికే వేటగాడూ, ఆయన భార్యా కుక్కతో వచ్చి వరండాలో కూర్చున్నారు. కారు తలుపు తెరుచుకోగానే కుక్క కట్టు ఉన్న పాదం సంగతే మర్చిపోయి ఉరికింది. ఇక రీడర్ అక్కర్లేకపోయినా మళ్ళీ తిప్పి, విశాఖ క్లినిక్ రిజిస్టర్‌లోంచి రాయించుకున్న నంబరుతో పదిహేను అంకెలూ సరిచూసుకుని గానీ నేను అప్పగించలేదు. ముందు అంకెలు కలిసినంత మాత్రాన సరిపోదని, ఒకే పెట్టెలోని చిప్‌లన్నింటికీ అవి ఒక్కటేనని ఆ రోజుకి నాకు బాగా తెలిసింది.

ఆవిడ చేతులు జోడించి ఏదో ఇవ్వబోయింది. వేటగాడు వెనక్కి జరిగాడు. "వద్దమ్మా. సేప ముల్లు తియ్యకండా ఎట్టకండి, గొంతుకి అడ్డం పడతాది. నేను ముల్లు తీసి అన్నంలో కలిపేవోడ్ని, అదే అలవాటైపోనాది," అన్నాడు. కారు మలుపు తిరిగేదాకా అక్కడే నిలబడ్డాడు.

నేను ఆయన ముందుకి వెళ్ళి తప్పయిందని చెప్పాను. తెలియని సంగతి తెలిసినట్టు అన్నానని, ఆ ఒక్క మాట వల్లే ఇదంతా జరిగిందని చెప్పాను. భార్యే జవాబిచ్చింది.

"మాతో సెప్పితే ఏటి లాభమమ్మా? ఊరోళ్ళకి సెప్పు."

మర్నాడు తెల్లవారి బోట్లు ఒడ్డుకి చేరే వేళకి వాళ్ళ ఊరు వెళ్ళాను. వలలు దులుపుకుంటున్న మనుషుల మధ్య, ఇసకలో నిలబడి, మొదటి నుంచి చివరిదాకా చెప్పాను. కొందరు విన్నారు. కొందరు వల దులుపుకుంటూనే ఉన్నారు. ఒకాయన మాత్రం నాలుగైదు ప్రశ్నలు వేసి, ఆఖరికి పక్కవాడితో, "అయితే మనోడి తప్పేటీ లేదన్నమాట," అన్నాడు. ఆ మాట విన్నాక గానీ నేను వెనక్కి రాలేదు.