రోజుకి ఒకటీ చిల్లర

మా స్కూల్లో స్టోరు గది అటెండరు సుద్దముక్కని రెండుగా విరవనిదే ఎవరి చేతిలోనూ పెట్టడు. మూడు నెలలకిచ్చిన డబ్బాని ఆరు నెలలు లాగిన ఘనత ఆయనది. పిల్లలు చాటుగా ‘అరముక్క సారు’ అంటారు. ఆయనకది బిరుదు.

ఆ పొదుపు సిగరెట్ల దగ్గర మాత్రం కనపడేది కాదు. ముప్పై ఏళ్లు స్టోరు వెనక గోడని పొగతో నల్లబరిచాడు. చివరికి ఎడమ కాలి వేళ్లు రెండు నల్లబడ్డాయి. కాలికి రక్తం తీసుకెళ్లే గొట్టాలు పూడుకుపోయాయనీ, సిగరెట్ మానకపోతే పాదం దక్కదనీ ఆస్పత్రిలో తేల్చేశారు. సిగరెట్ మానిపించే డాక్టరమ్మ సైటిసిన్ అనే మాత్రలు రాసింది. వంద మాత్రలు, ఇరవై అయిదు రోజులు.

మర్నాడు స్టాఫ్ రూములో నా పక్కన కూర్చున్నాడు. లెక్కల మాస్టారినని కాదు, పోయినేడు నేను సిగరెట్లు మానేశానని.

“మీరు వేసుకున్నది ఇదేనా మాస్టారూ?”

“కాదయ్యా, నాది వరెనిక్లిన్. పన్నెండు వారాలు, పొద్దునొకటి సాయంత్రమొకటి. కడుపులో తిప్పేది. రాత్రయితే కలలు! తువ్వాలు కట్టుకుని పరీక్ష హాల్లోకి వెళ్లినట్టు వరసగా మూడుసార్లు. మూడోసారి ఇన్‌స్పెక్షన్ కూడానూ.”

నవ్వాడు. తర్వాత అడిగాడు. “వంద మాత్రల్ని పన్నెండు వారాలకి సర్దితే రోజుకెన్ని వస్తాయంటారు?”

నేను జవాబుపత్రాలు దిద్దుతున్నాను. తలెత్తకుండా “ఒకటీ చిల్లర” అన్నాను. ఎందుకని అడగలేదు.

ఇరవై అయిదో రోజున డాక్టరమ్మ దగ్గరికి తోడు రమ్మన్నాడు. ఆవిడ పెట్టె తెరిచి చూసి, మళ్లీ మూసి, మళ్లీ తెరిచింది.

“ఇందులో డెబ్బై అయిదు ఉన్నాయేంటి పెద్దాయనా?”

“జాగ్రత్తగా వాడానమ్మా. మాస్టారు పన్నెండు వారాలు వాడారు. ఇరవై అయిదు రోజులకే అయిపోతే మందు చాలదేమోనని...”

“కాగితం మీద రాసిచ్చాగా! మొదటి మూడు రోజులూ రెండు గంటలకొకటి, రోజుకి ఆరు. తర్వాత అయిదు, నాలుగు, అలా తగ్గించుకుంటూ రావాలని.”

“మాస్టారివీ ఇవీ ఒకే పని చేస్తాయన్నారు కదమ్మా.”

“పని ఒకటే. మెదడులో నికోటిన్ కూర్చునే కుర్చీలోనే రెండూ కూర్చుంటాయి. కాస్త తృప్తినిస్తాయి, సిగరెట్‌ని కూర్చోనివ్వవు. మానిపించడంలో రెండూ ఇంచుమించు సమానం. మీదాంతో వికారం, పిచ్చి కలలు తక్కువ. కానీ ఇది కొన్ని గంటల్లోనే ఒంట్లోంచి పోతుంది, అందుకే అన్నిసార్లు వేసుకోవాలి. ఆయనది రోజంతా నిలుస్తుంది, కాబట్టి రెండుసార్లు చాలు. పొద్దున ఒక్కటి వేసుకుంటే మధ్యాహ్నానికి కుర్చీ ఖాళీ. సిగరెట్లు?”

ఆయన నా వైపు చూశాడు. నేను కిటికీ వైపు చూశాను.

“రోజుకి... నాలుగైదు.”

“అయిదో రోజుకల్లా పూర్తిగా మానేయాలన్నానా? మానలేకపోతే మందాపి నా దగ్గరికి రమ్మన్నానా?”

“సిగ్గేసిందమ్మా.”

కోర్సు తప్పితే మళ్లీ సైటిసిన్ మొదలుపెట్టడానికి రెండు మూడు నెలలు ఆగాలంది. ఆ పాదానికి అంత వ్యవధి లేదు. కిడ్నీల పరీక్ష చేయించి, వరెనిక్లిన్ రాసింది. మొదట చిన్న మోతాదు, ఎనిమిదో రోజు నుంచి సిగరెట్ బంద్, మొత్తం పన్నెండు వారాలు.

ఎనిమిదో రోజు ఆయన నిజంగానే మానేశాడు. పాదం మాత్రం ఆగలేదు. తొమ్మిదో రోజు జ్వరం, పదో రోజు ఆపరేషన్. వేళ్లతో పాటు పాదంలో ముందు సగం తీసేశారు.

పదకొండో రోజు నేను వార్డుకి వెళ్లేసరికి ఆయన భార్య మంచం పక్కన స్టూలు మీద కూర్చుని ఉంది.

“అన్నయ్యా, ఆ రోజుకొకటి లెక్క మీరే చెప్పారట కదా?” కోపంగా అడగలేదు. కోపంగా అడిగినా బాగుండేది.

“ఔనమ్మా. ఎందుకని అడగలేదు.”

“నువ్వూరుకో,” అన్నాడు ఆయన భార్యతో. “మాస్టారి లెక్క తప్పలేదు. నేనే లెక్క కట్టకూడనిదానికి లెక్క కట్టించా.” నా వైపు తిరిగి, “రెండో కాలికీ కొంచెం పూడికుందట మాస్టారూ. ఇక వెలిగిస్తే దాని వంతేనట,” అన్నాడు.

“కలలొస్తున్నాయా?” అన్నాను.

“వస్తున్నాయి. పరిగెడుతున్నాను.”

నర్సమ్మ అన్నం తినిపించమని చెప్పి వెళ్లింది. ఆయన తిన్నాడు. గ్లాసు నిండా నీళ్లతో సాయంత్రం మాత్ర వేసుకున్నాడు. ఎనభై నాలుగు రోజుల్లో అది పదకొండో రోజు. మిగిలినవి ఎన్నో ఆయన అడగలేదు, నేను చెప్పలేదు.