కొసరుగా అడిగిన మూడు నెలలు

సూళగిరి పారిశ్రామికవాడలో బేరమాడేవాళ్లు చాలామంది ఉన్నారు. కానీ బేరమాడి, ఫీజు కట్టి, తన మీదే తీర్పు చెప్పించుకున్నవాణ్ణి నేనొక్కణ్ణే.

నాది ప్లాస్టిక్ మూతలు తయారుచేసే చిన్న కంపెనీ. పనివాళ్ల ఫిర్యాదులు తీర్చే విధానం రాసిపెడితేనే ఆర్డరిస్తామని సరుకు కొనేవాళ్లు పట్టుబట్టారు. హోసూరు నుంచి ఒక సలహాదారును పిలిపించాను. ఆమె రాసింది ఇదీ: ఫిర్యాదు ముందు సూపర్‌వైజరుకు, వారంలో జవాబు. తేలకపోయినా, ఫిర్యాదు ఆయన మీదే అయినా కమిటీకి. అందులో మావాళ్లు ఇద్దరు, పనివాళ్ల తరఫున ఇద్దరు, గడువు పదిహేను రోజులు. ఆపైన అప్పీలు నాకు. నా మీదే అయితే బయటి మనిషిగా ఆమె వింటుంది. ఫిర్యాదు చేసినవాళ్లనూ సాక్షులనూ తీర్పు తర్వాత మూడు నెలల లోపు వేరే పనికి మారిస్తే, అది కక్షతో చేసింది కాదని మేమే చూపించాలి.

"ఇంత ఫీజు ఇస్తా ఉండాను, కొసరేమీ లేదామ్మా?"

"పాలసీకి కొసరేందప్పా?"

"ఆ మూడు నెలలకు ఇంకో మూడు ఎయ్యి."

ఆమె నవ్వి ఆరు అని రాసింది. అంగడిలో పెరిగినవాణ్ణి, ఊరికే వచ్చేది వదలను. సంతకం పెట్టి దాన్ని నోటీసు బోర్డుకెక్కించి, ఆ కొసరు సంగతి పనివాళ్లకూ గొప్పగా చెప్పుకున్నాను.

మొదటి ఫిర్యాదు మిషను నడిపే ఒకామె ఇచ్చింది. ఆదివారం ఓవర్‌టైమ్ అంతా సూపర్‌వైజరు తన చుట్టాలకే ఇస్తున్నాడని. ఆ సూపర్‌వైజరు నా బామ్మర్ది. వంతులవారీగా ఇవ్వాలని కమిటీ గడువులోనే తేల్చింది. వాడి ముఖం మాడింది.

నాలుగో నెలలో వాడొచ్చాడు. "బావా, మూడు నెలలు దాటిపోయినాయి. ఆయమ్మను ప్యాకింగుకు పంపించేయ్."

ఆ పూట కొసరు గుర్తుకు రాక నేను సంతకం పెట్టాను. ప్యాకింగులో మిషను అలవెన్సు ఉండదు. ఆమె ఇంటి అద్దె కట్టేది దాంతోనే.

మర్నాడు ఆమె నా గదికి వచ్చింది.

"నన్ను యాల మార్చినారప్పా?"

"ఆడ పని ఎక్కువుండాదమ్మా."

"ఆణ్ణుంచి మొన్ననే ఇద్దర్ని మిషన్లకు తెచ్చినారు కదా! మీరు కొసరడిగిన మూడు నెలలు ఇంకా ఉండాయప్పా. బోర్డు మీద మీ సంతకమే."

ఫిర్యాదు ఈసారి నా మీద. సలహాదారు మళ్లీ వచ్చి మా ఇద్దర్నీ కూర్చోబెట్టి విన్నది.

"ప్యాకింగులో మనుషులు చాలలేదనేదానికి ఆధారముండాదా?"

"లేదమ్మా."

"మరి యాల మార్చినారు?"

"బామ్మర్ది మాట కాదనలేక."

"కారణం కింద అదే రాసుకోనా అప్పా?"

సలహాదారుకే కాదు, ఫిర్యాదు చేసినామెకు కూడా నవ్వు వచ్చింది. నాకూ ఆగలేదు.

ఇక బిల్లు. ఆమె మిషను ఆమెకే. పోయిన అలవెన్సు మొత్తం కట్టాను. మార్పు రద్దయినట్టు నా సంతకంతోనే బోర్డుకెక్కింది. విచారణ ఫీజు అడిగినంత ఇచ్చాను, కొసరు అడగలేదు. బామ్మర్దికి మనుషుల్ని మార్చమని చెప్పే అధికారం ఇక లేదు. దానికి ఇంట్లో కొన్నాళ్లు ఉప్పులేని పులుసు తిన్నాను. జమ వైపు ఒకటే: మిషను బాగా తెలిసిన మనిషి నా దగ్గరే ఉంది. ఎలా కూడినా నష్టం నాదే. ఆ నష్టం ఆమెదై ఉంటే ఇంకా పెద్దదయ్యేది.