కుక్క తనంతట తాను ఎక్కిన బండి

ఫాల్గుణ మాసం, గురువారం, పొద్దున సరిగ్గా పది గంటలు. చిలకలూరిపేటలో మిల్లు కూత అప్పుడే ఆగింది. నాకు గడియారం చూడడం అప్పటికింకా రాదు. ఆ కూతే నా గడియారం. సంవత్సరం మటుకు అరవై దాటి రెండో మూడో అయి ఉంటుంది, గట్టిగా చెప్పలేను.

మాది పర్చూరు వైపు పల్లె. పత్తి, మిరప వేస్తాం. పత్తి చేతికొచ్చాక నాలుగు నెలలు పేటలో, గింజ తీసే మా జిన్నింగు మిల్లు దగ్గరే కాపురం. ఎద్దుల బండి మీద వస్తే ఒక పూట పూర్తిగా పోతుంది. బస్సు ఎక్కుదామంటే మా కుక్కను ఎక్కనివ్వరు. రైల్వేలో పనిచేసే ఒకాయన బదిలీ అయి పోతూ మావారి చేతిలో పెట్టిన కూన అది. ఏడాది తిరిగేసరికి దూడంత అయింది. తల నా నడుము దాకా వచ్చేది. నల్లటి ఒళ్లు, చేటల్లాంటి చెవులు. నాకు పెళ్లయి ఎనిమిదేళ్లయినా పిల్లలు లేరు. ఆ కుక్కే నా వెంట తిరిగేది. దాన్ని పిల్లగా చూసుకున్నానని ఎవరైనా అంటే అనుకోనీ, తప్పేం లేదు. ఆ ముందటేడు బండి చక్రం కింద పడి దాని వెనక కాలు ఒకటి బిగుసుకుపోయింది. నడుస్తుంది, ఎగరలేదు.

మా మామగారు కారు కొంటానన్నారు. అంటూనే ఒక మాట తేల్చేశారు. కుక్క తనంతట తాను ఎక్కాలి, దారిలో గోల చేయకూడదు. లేదంటే ఊళ్లో కల్లం కాపలావాడికి ఇచ్చేయాలి. ఆయన అన్నారంటే అన్నట్టే. మావారు నేల చూశారు. నాకు నాలుగు రోజులు సరిగా అన్నం దిగలేదు, అంతే.

పెద్ద రోడ్డు పక్కన ఒక మేస్త్రి తాటాకు పాకలో కార్లు బాగుచేసేవాడు. ఎవరైనా అమ్మిపెట్టమంటే పాత కార్లు కూడా అక్కడే నిలిపేవాడు. ఆ పాక పక్కనే ఒక సాయబు సీట్లు కుట్టేవాడు. అంతకుముందు జట్కా బళ్లకు పరుపులు కుట్టిన చెయ్యి అది. చుట్టూ జిన్నింగు మిల్లులే కాబట్టి గాల్లో దూది పోగులు తేలుతూ ఉండేవి. ఇప్పుడు ఆ పొద్దు తలుచుకుంటే మనుషులు, కార్లు, కుక్క అన్నీ ఆ దూదిలోనుంచే కనిపిస్తాయి. మాటలు కూడా మెత్తగా, దూరంగా వినిపిస్తాయి.

ఆ రోజు రెండు కార్లున్నాయి. ఒకటి తెల్ల కారు, వెనక డిక్కీ ఉన్నది. మామగారి కన్ను దాని మీదే పడింది. కుక్కను వెనక సీటు ఎక్కించబోయాం. ముందు కాళ్లు పెట్టింది, రెక్సిన్ మీద సర్రున జారింది, గోళ్లు దిగి సీటు మీద రెండు చారలు పడ్డాయి. సీటుకి, ముందు సీటుకి మధ్య చోటు చాలదు. నడుమ గుబ్బలా ఒక ఎత్తు కూడా ఉంది, దాని కాలు అక్కడ నిలవదు. మేస్త్రి డిక్కీ తెరిచి, మూత కొంచెం ఎత్తి తాడుతో కట్టుకుంటే సరిపోతుందన్నాడు. నేను తల లోపలికి పెట్టి చూశాను. ఇనప పెట్టె. పొద్దున పదింటికే లోపల వేడి మొహాన కొట్టింది.

"దీంట్లో మీరు పడుకుని పర్చూరు దాకా రండి, తర్వాత దాన్ని పడుకోబెడతాను," అన్నాను మేస్త్రితో. మేస్త్రి నవ్వాడు. మామగారు నవ్వలేదు.

రెండోది పొడుగు వెనక ఉన్న వ్యాగను, మట్టి రంగు. వెనక తలుపు రెండు ముక్కలు. పై అద్దం పైకి లేస్తుంది, కింది పలక కిందికి వాలి లోపలి నేలకు సమంగా నిలబడుతుంది. దాని ఎత్తు నా మోకాలికి నాలుగు వేళ్లు పైన. అదే పాక వెనక మేస్త్రి సొంత జీపు ఉంటే దాని ఎత్తూ చూశాను, నడుముకు కాస్త కిందగా వచ్చింది. కుక్క దాని వైపు చూసి మొహం తిప్పుకుంది. వ్యాగను దగ్గర మాత్రం పలకను వాసన చూసింది. ముందు కాళ్లు పెట్టింది. వెనక మంచి కాలితో ఒక్క తోపు తోసుకుని లోపలికి చేరింది. ఎవరూ చెయ్యి వేయలేదు.

అప్పుడు మామగారు మా వైపు వాళ్లు ఎవరైనా చేసే పనే చేశారు. నేల గీసుకుపోకుండా మిల్లునుంచి ఖాళీ మిరప గోతాలు తెప్పించి పరిపించారు. మేమందరం మిరపలో పుట్టి మిరపలో పెరిగినవాళ్లం, ఆ ఘాటు మా ముక్కులకు ఘాటే కాదు. అది కుక్కకు పడదని ఎవరికీ తోచలేదు. కుక్కకు గాలి కావాలని వెనక అద్దం పూర్తిగా ఎత్తించారు. పక్క అద్దాలు మూసే ఉన్నాయి. మేస్త్రి నడుపుతుండగా, కుక్క ఎలా ఉంటుందో చూద్దామని గుంటూరు వైపు బయలుదేరాం.

రోడ్డుకి రెండు వైపులా కల్లాల్లో మిరపకాయలు ఆరబోసి ఉన్నాయి. ఎర్రటి నేల, పైన తెల్లటి ఎండ, నిద్రలో చూసినట్టుంది. ఆ మెత్తని ఊపులో నేను నిజంగానే కాసేపు కళ్లు మూశాను. తెరిచేసరికి కుక్క కళ్లు ఏరులై కారుతున్నాయి, నోట నురగ, తుమ్ము మీద తుమ్ము. అది తలను గోతాల్లోకి దూర్చుకుంటోంది. మావారికి దగ్గు. మామగారు వెనక్కి తిరిగి చూశారు.

"దీనికి కారు పడదు. కాపలావాడికి కబురు చేద్దాం," అన్నారు.

బండి ఆపమన్నాను. దిగి వెనక్కి వెళ్లి నిలబడ్డాను. అప్పుడు మేస్త్రిని మళ్లీ మెల్లగా పోనిమ్మన్నాను. బండి వెనక పొగ ఒక్కసారి పైకి లేచి, సుడి తిరిగి, తెరిచిన అద్దంలోంచి లోపలికే పోయింది. రోడ్డు దుమ్మూ అంతే. నాకు తూర్పారపట్టడం తెలుసు. గాలికి వీపు పెట్టి నిలబడి చేట వంచితే పొట్టు ముందుకు పోదు, సుడి తిరిగి మన ఒళ్లోకే వస్తుంది. బండి వెనక కూడా అదే జరుగుతోంది. పైగా ఆ సుడి గోతాల్లో మిరప పొడిని లేపి కుక్క కళ్లలో కొడుతోంది.

"కుక్కది తప్పు కాదు మామయ్యా. తప్పు గోతాలదీ, అద్దానిదీ," అని చెప్పాను.

ఆయనకు ఎదురు చెప్పింది అదే మొదలు. మేస్త్రి కాసేపు గడ్డం గోక్కుని, "అమ్మగారు చెప్పింది నిజమేనండి. వెనక మూసెయ్యాలి. ముందు తలుపుల మూల ఉన్న చిన్న అద్దాలు లోపలికి గాలి తోలేట్టు తిప్పాలి, వెనక పక్క అద్దాలు జరిపి పెట్టాలి. అప్పుడు గాలి ముందునుంచి వచ్చి పక్కల్లోంచి పోద్ది," అన్నాడు.

గోతాలు రోడ్డు పక్కన పడేశాం. కాలవ నీళ్లతో కుక్క మొహం కడిగాను, వెనక నేల తడిగుడ్డతో తుడిచాను. వెనక మూసి, పక్కలు తెరిచి మళ్లీ బయలుదేరాం. రెండు మైళ్లు పోయేసరికి అది తల పైకెత్తి పక్క అద్దం దగ్గర పెట్టింది. చెవులు గాలికి వెనక్కి వాలాయి. తర్వాత పడుకుని కళ్లు మూసింది. మామగారు చూస్తూనే ఉన్నారు.

తిరిగొచ్చాక ఆయన నేరుగా సాయబు దగ్గరికి వెళ్లి, వెనక నేలకు రెక్సిన్ అయితే ఎంత, గుడ్డ అయితే ఎన్నాళ్లు ఉంటుంది అని అడిగారు. ఈ కారే కొంటున్నారని, కుక్కను ఉంచుతున్నారని అప్పుడు తెలిసింది నాకు.

సాయబు రెక్సిన్ వద్దన్నాడు. "ఎండకి అది పెనం అవుద్ది. కుక్కకి కాలు జారుద్ది. మందపాటి జంపఖానా వేస్తానండి, నాలుగు మూలలా నాడాలు పెట్టి. ఉతకాలంటే ఇప్పుకోవచ్చు." సీట్లకు కూడా అదే గుడ్డ తొడుగులు, అడుగున దళసరి కాన్వాసు, గోళ్లు దిగకుండా. టేపు తీసుకుని కుక్క పక్కన కూర్చుని దాని వెడల్పు కొలిచాడు. అది కదలకుండా కొలిపించుకుంది.

ఆ రోజు అక్కడ ఉన్నవాళ్లం: మామగారు, మావారు, మేస్త్రి, సీట్లు కుట్టే సాయబు, నేను, మా నల్ల కుక్క.