కుంటి కాకి గూడు

పోతమ్మ పిన్ని జాలారిపేట ఒడ్డున చేపలు ఎండబెట్టేది. ఏడో తరగతిలో నా బడి మాన్పించాక నేనూ ఆమె పక్కన కూర్చుని నెత్తళ్ళనే ఆ చిన్న చేపలు తిరగేసేదాన్ని.

ఆమె భర్త గవర్రాజు తెప్ప తిరగబడి పోయాడు. పిండం పెట్టిన రోజున ఎంతసేపటికీ ఒక్క కాకీ వాలలేదు. చివరికి ఒక కుంటి కాకి వచ్చి ముట్టింది. గవర్రాజుకీ ఒక కాలు అవిటిది. అప్పటినుంచి మిగతా కాకులకు కర్ర, దానికి మాత్రం నెత్తళ్ళు.

"ఏటి పోతమ్మా, మొగుడికి బోయినమైందా?" అని పక్కన చేపలు ఆరబెట్టే చిట్టమ్మ ఆట పట్టించేది.

"అయ్యింది. నీవోడిలాగ తాగొచ్చి తన్నడు గదా!"

ఆ వేసవిలో కుంటి కాకి జతతో కలిసి ఒడ్డు పక్క బాదం చెట్టు మీద గూడు కట్టింది. పిన్నికి పిల్లలు లేరు. ఈ కాకి పిల్లలు ఎగరడం చూడాలని ఒకటే ఆశ.

ఒక పొద్దున నల్ల కోయిల గూటికి దగ్గరగా వాలి కూసింది. కాకులు రెండూ దాని వెంటపడ్డాయి. ఆ సందులో గోధుమరంగు మీద తెల్లమచ్చలున్న పిట్ట ఒకటి చెట్టు మీదికి దిగింది. కుంటి కాకి సగం దారిలోంచే తిరిగొచ్చి దాన్ని పొడవసాగింది.

కోయిలంటే నల్లగానే ఉంటుందనుకునేవాళ్ళం. ఆడకోయిల వేరేలా ఉంటుందని మాకెవరికీ తెలియదు.

"ఏదో పిట్టని సంపేత్తన్నాడు! ఎల్లు!" అంటూ పిన్ని మొదటిసారి కుంటి కాకి మీద కర్ర ఎత్తింది. కాకి బెదిరి రేకుల పాక మీదికి పోయింది. మచ్చల పిట్ట గూట్లోకి దూరి, క్షణంలో బయటికొచ్చి ఎగిరిపోయింది.

తర్వాత పిన్ని అక్క కొడుకు ఎల్లాజీ చెట్టెక్కి చూశాడు. కాకులు నెత్తిమీద పొడుస్తున్నాయి.

"పిన్నీ, గుడ్లన్నీ మచ్చలయ్యే. ఒకటి మరీ సిన్నది. తీసీమంటావా?"

"సెయ్యెట్టకు! అన్నీ దాని బిడ్డలే."

చిన్న గుడ్డులోదే ముందు పుట్టినట్టుంది. తెచ్చిన మేతంతా అదే మింగింది. వెనక పుట్టిన కాకి పిల్లలు ఈకలైనా రాకుండానే చచ్చి చెట్టు కింద పడ్డాయి. పిన్ని వాటిని ఇసకలో పాతిపెట్టింది.

మిగిలిన పిల్ల కొమ్మ మీదికొచ్చి రెక్కలు విప్పింది. ఒళ్ళంతా తెల్లమచ్చలే. ఆవేళ గూట్లో దూరిన పిట్ట మచ్చలేనని పిన్ని గుర్తుపట్టింది.

"ఆడు కాపాడుకుంటంటే నానే తోలేసినాను గదే," అంది నాతో.

ఎల్లాజీ రాయి తీశాడు. "కొట్టీనా?"

అప్పుడే కుంటి కాకి వచ్చి ఆ పిల్ల నోట్లో నెత్తల్లి పెట్టింది.

"ఒగ్గేయ్‌రా. ఆడికున్నది అదొక్కటే."

కొన్నాళ్ళకు కోయిల పిల్ల ఎగిరిపోయింది. కుంటి కాకి మాత్రం చేప కరుచుకుని ఆ కొమ్మ మీదే వాలేది. అటూ ఇటూ చూసి, చివరికి తనే మింగేది. చేపల మీద కాకులు మూగుతున్నా పిన్ని కర్ర పట్టుకుని లేచేది కాదు. నేనే తోలేదాన్ని.